కదిలే మెట్ల మీద నడిస్తే ఎంత కలిసొస్తుంది?

2017లో నీట్ రాసిన విద్యార్థులకు భౌతికశాస్త్రంలో ఒక మెట్రో స్టేషన్ లెక్క వచ్చింది. ప్రీతి అనే అమ్మాయి స్టేషన్‌కు వచ్చేసరికి ఎస్కలేటర్ పనిచేయడం లేదు. ఆగి ఉన్న మెట్ల మీదే నడిచి t1 సమయంలో పైకి చేరింది. మిగతా రోజుల్లో కదిలే మెట్టు మీద ఊరికే నిలబడితే ఆ యంత్రమే ఆమెను t2 సమయంలో పైకి తీసుకెళ్తుంది. మరి కదులుతున్న ఎస్కలేటర్ మీద ఆమె నడుచుకుంటూ వెళ్తే ఎంతసేపు పడుతుంది? ఇచ్చిన నాలుగు జవాబుల్లో t1, t2ల సగటు కూడా ఉంది.

ఆ సగటు ఎందుకు తప్పో అంకెలు వేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. ఆగిన మెట్ల మీద నడిచి ఎక్కడానికి 60 సెకన్లు, కదిలే మెట్టు మీద నిలబడి వెళ్లడానికి 40 సెకన్లు పడుతుందనుకుందాం. సగటు 50 సెకన్లు. కదలకుండా నిలబడితేనే 40 సెకన్లలో పైకి చేరే మనిషికి, నడిస్తే 50 సెకన్లు ఎలా పడుతుంది? నడక తోడైనప్పుడు సమయం తగ్గాలి గానీ పెరగకూడదు. కాబట్టి సరైన జవాబు రెండింటిలో చిన్నదాని కంటే, అంటే 40 కంటే, ఇంకా తక్కువే ఉండాలి. ఏ ఎస్కలేటర్ లెక్కకైనా ఇదే మొదటి పరీక్ష.

ఇక్కడ కలిసేవి సమయాలు కావు, వేగాలు. నడిచే అమ్మాయి 60 సెకన్లలో మొత్తం దూరం దాటుతోందంటే, ఒక్కో సెకనుకు దారిలో 60వ వంతు దాటుతున్నట్టు. యంత్రం సెకనుకు 40వ వంతు దాటిస్తోంది. ఇద్దరూ ఒకేసారి పనిచేస్తే సెకనుకు 1/60 + 1/40, అంటే 1/24 వంతు. కాబట్టి మొత్తం దారికి 24 సెకన్లు. అక్షరాల్లో రాస్తే t1t2/(t1+t2). రెండు పంపులు కలిసి ఒక తొట్టిని నింపే పాత లెక్కా అచ్చం ఇలాంటిదే. తొట్టి ఎంత పెద్దదో చెప్పకుండానే ఆ లెక్క తేలినట్టు, ఎస్కలేటర్ పొడవెంతో తెలియకుండానే ఇదీ తేలిపోతుంది.

సమయాన్ని పక్కనపెట్టి మెట్లను లెక్కబెడితే విషయం ఇంకా ఆసక్తిగా మారుతుంది. కదిలే మెట్ల మీద నడిచే మనిషి ఎన్ని మెట్లు ఎక్కాడో లెక్కపెట్టుకుంటే, ఆ సంఖ్య ఎస్కలేటర్‌లో కనిపించే మొత్తం మెట్ల కంటే ఎప్పుడూ తక్కువే వస్తుంది. అతని కాళ్లు ఎక్కినవి కొన్ని, అతను నడుస్తున్నంతసేపు యంత్రం పైకి జరిపినవి కొన్ని. రెండూ కలిస్తేనే మొత్తం.

ఒక ఎస్కలేటర్‌నే తీసుకుందాం. దాని మీద ఒకాయన మొదటిసారి నింపాదిగా నడిచాడు. 20 మెట్లు ఎక్కేసరికి పైకి చేరాడు, 24 సెకన్లు పట్టింది. రెండోసారి కాస్త వడిగా నడిచాడు. ఈసారి 25 మెట్లు ఎక్కాడు, 20 సెకన్లలో చేరాడు. మరి ఎస్కలేటర్‌కు మొత్తం ఎన్ని మెట్లున్నాయి?

రెండోసారి ఆయన 5 మెట్లు ఎక్కువ ఎక్కాడు, 4 సెకన్లు ముందు చేరాడు. ఎస్కలేటర్ మాత్రం అదే. అంటే ఆయన అదనంగా ఎక్కిన ఆ 5 మెట్లూ యంత్రం 4 సెకన్లలో జరపాల్సిన మెట్లు. కాబట్టి యంత్రం సెకనుకు ఒకటింబావు మెట్టు జరుపుతోంది. మొదటిసారి 24 సెకన్లలో అది 30 మెట్లు జరిపింది, ఆయన 20 ఎక్కాడు, మొత్తం 50. రెండోసారి 20 సెకన్లలో 25 జరిపింది, ఆయన 25 ఎక్కాడు, అదీ 50. రెండు దారుల్లోనూ ఒకే సంఖ్య వచ్చిందంటే లెక్క సరిపోయినట్టే. ఈ మెట్ల మీద ఊరికే నిలబడితే 40 సెకన్లు పడుతుంది. ఎస్కలేటర్ ఆగి ఉంటే, నింపాది నడకకు 60 సెకన్లు. ప్రీతికి వేసిన అంకెలే మళ్లీ ఎదురయ్యాయి.

చేతిలో గడియారం లేకపోయినా ఈ లెక్క చేయొచ్చు. పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచుగా కనిపించే రూపం అదే. ఇద్దరిలో రెండో మనిషి మొదటి మనిషికి ఒకటిన్నర రెట్లు వేగంగా అడుగులు వేస్తాడనీ, మొదటివాడు 20, రెండోవాడు 25 మెట్లు ఎక్కారనీ మాత్రమే చెబుతారు. సమయం అంటే అడుగుల సంఖ్యను వేగంతో భాగించడమే కాబట్టి, వేగాలు 2, 3 అనుకుంటే సమయాల నిష్పత్తి 20/2కు 25/3, అంటే 6కు 5. యంత్రం జరిపిన మెట్లదీ అదే నిష్పత్తి. 20కి ఆరు వాటాలు కలిపినా, 25కి అయిదు వాటాలు కలిపినా ఒకే మొత్తం రావాలి. కాబట్టి ఒక్కో వాటా 5 మెట్లు, మొత్తం 50.

ఈ లెక్కను నిజమైన స్టేషన్‌లో వేసి చూడాలనుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎస్కలేటర్ మొదట్లోనూ చివరలోనూ కొన్ని మెట్లు బల్లపరుపుగా ఉండి, తర్వాత విడివడతాయి. ఎక్కడినుంచి లెక్క మొదలుపెట్టాలో తేల్చుకోకపోతే ఒక మెట్టు అటూఇటూ అవుతుంది. పై ఉదాహరణలో మొదటిసారి 20కి బదులు 21 అని లెక్కపెడితే చాలు, తేడా 5 మెట్ల నుంచి 4కు పడిపోతుంది, యంత్రం వేగం సెకనుకు ఒక్క మెట్టే అని వస్తుంది, మొత్తం 45 అని తేలుతుంది. ఒక్క మెట్టు పొరపాటుకు జవాబులో 5 మెట్లు పోయాయి. రెండు నడకల వేగాలూ మరీ దగ్గరగా ఉండటమే దీనికి కారణం. ఒకసారి నిలబడి, ఒకసారి వడిగా నడిచి కొలిస్తే ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. నిలబడితే 40 సెకన్లు, నడిస్తే 20 సెకన్లలో 25 మెట్లు. ఇప్పుడు 25ను పొరపాటున 26గా లెక్కపెట్టినా మొత్తం 52 వస్తుంది, అంతే.

పైకి వెళ్లే ఎస్కలేటర్ మీద కిందికి దిగితే వేగాలు కలవవు, ఒకదాంట్లోంచి ఒకటి పోతాయి. మన ఎస్కలేటర్ మీద సెకనుకు ఒకటింబావు మెట్టు దిగేవాడు ఉన్నచోటే ఉంటాడు. అంతకంటే నెమ్మదిగా దిగేవాడు వెనక్కి, పైకే పోతాడు. దానికి రెట్టింపు, సెకనుకు రెండున్నర మెట్లు దిగితేనే 40 సెకన్లలో కిందికి చేరతాడు. అప్పటికి 50 మెట్ల దారికి అతను దిగిన మెట్లు 100. ఎదురు నడకలో లెక్కపెట్టిన మెట్లు మొత్తం కంటే ఎప్పుడూ ఎక్కువే రావాలి. తక్కువ వచ్చాయంటే ఎక్కడో తీసివేతకు బదులు కూడిక చేసినట్టు. నిజమైన స్టేషన్‌లో ఇలా దిగడం ప్రమాదం, ఇది కాగితం మీద చేయాల్సిన లెక్క.

ఈ లెక్కలన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి. కదిలే మెట్ల మీదా ఆగిన మెట్ల మీదా మనిషి ఒకే వేగంతో నడుస్తాడన్నది ఆ ఊహ. వాస్తవంలో అది కొంతవరకే నిజం. ఎస్కలేటర్ మెట్టు ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. మన ఇళ్లలో చాలా మెట్లు అంత ఎత్తు ఉండవు, అందుకే ఆగిన ఎస్కలేటర్ ఎక్కితే త్వరగా ఆయాసం వస్తుంది. ఆగి ఉందని కళ్లకు కనిపిస్తున్నా దానిమీద మొదటి అడుగు వేయగానే ఒళ్లు ముందుకు తూలినట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. కదిలే మెట్టుకు అలవాటుపడ్డ శరీరం ముందుగానే సర్దుకోబోవడం వల్ల అలా జరుగుతుందని లండన్ పరిశోధకులు రేనాల్డ్స్, బ్రాన్‌స్టీన్ 2003లో ప్రయోగం చేసి చూపారు.

ఒక్క మనిషికి నడక ఎప్పుడూ లాభమే. గుంపు విషయంలో మాత్రం లెక్క మారిపోతుంది. లండన్ మెట్రోలో నిలబడేవాళ్లు కుడివైపు ఉండి, ఎడమవైపు నడిచేవాళ్లకు వదలాలన్నది ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. 2015 చివర్లో హోబర్న్ స్టేషన్‌లో అధికారులు మూడు వారాలపాటు దీన్ని పక్కనపెట్టి, పైకి వెళ్లే ఎస్కలేటర్ల మీద రెండువైపులా నిలబడమని కోరారు. అక్కడి ఎస్కలేటర్లు సుమారు 24 మీటర్ల ఎత్తుకు వెళ్తాయి. ఉదయం రద్దీ గంటలో ఒక ఎస్కలేటర్ మీద మామూలుగా సుమారు 2,500 మంది వెళ్లేచోట, అందరూ నిలబడినప్పుడు దాదాపు 3,250 మంది వెళ్లారు.

వేగంగా వెళ్లేవాళ్లు లేకుండాపోతే ఎక్కువమంది ఎలా వెళ్లారు? మన 50 మెట్ల ఎస్కలేటర్ మీదే చూద్దాం. నిలబడేవాళ్లు సాధారణంగా ముందు మనిషికీ తమకూ మధ్య ఒక మెట్టు ఖాళీ వదులుతారు. అంటే ఒక్కో వరుసలో రెండు మెట్లకు ఒకరు. సెకనుకు ఒకటింబావు మెట్టు కదిలితే, 8 సెకన్లకు 5 మంది పైకి చేరతారు. నింపాదిగా నడిచేవాళ్ల వరుస సెకనుకు రెండు మెట్లకు కాస్త పైగా సాగుతుంది. కానీ నడిచేవాడికి ముందు మనిషి కాళ్లు తగలకూడదు, చేతి సంచీ తగలకూడదు. ఎడం పెరుగుతుంది. ఆ ఎడం సగటున మూడు మెట్లు దాటి ఇంకాస్త పెరిగితే చాలు, నడిచే వరుస నిలబడే వరుస కంటే తక్కువమందిని చేరుస్తుంది. ఇక ఎత్తైన ఎస్కలేటర్ అయితే నడవడానికి సిద్ధపడేవాళ్లే తక్కువ కాబట్టి ఆ వరుసలో చాలా మెట్లు ఖాళీగానే పోతాయి.

ఎడం ఆరు మెట్లు అయిందనుకుని, కింద 200 మంది ఆగి ఉన్నారనుకుంటే, రెండు వరుసల్లోనూ నిలబడినప్పుడు అందరూ ఎస్కలేటర్ ఎక్కడానికి 160 సెకన్లు పడుతుంది. ఒక వరుస నడకకు వదిలితే సుమారు 206 సెకన్లు. నడిచినవాడికి ఎస్కలేటర్ మీద మిగిలింది 16 సెకన్లు. వరుసలో చివరివాడు కిందే అదనంగా ఆగింది 46 సెకన్లు. రద్దీ లేనప్పుడు ఆగేవాళ్లే ఉండరు కాబట్టి ఈ నష్టం ఉండదు. ఎస్కలేటర్ పొట్టిదై, ఎక్కువమంది దగ్గరదగ్గరగా నడిచేచోట కూడా నడక వరుస నిండుగానే సాగుతుంది. ఎత్తైన ఎస్కలేటర్, కింద పెరుగుతున్న వరుస, ఈ రెండూ కలిసినచోటే రెండువైపులా నిలబడటం వల్ల స్టేషన్ త్వరగా ఖాళీ అవుతుంది.