మొదటి ఉద్యోగి: జీతం మాట్లాడే ముందు ఒక మధ్యాహ్నం గురించి అడగండి

ఎపిసోడ్‌లో టైమ్ సరిపోక వదిలేసిన భాగం ఇది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో "సినారియో ప్రశ్న ఎలా రాయాలి?" దగ్గర మాట ఆగిపోయింది కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఉదాహరణకి కువైట్‌లో ఇద్దరు ఫౌండర్లు బ్యాచిలర్ రూములకీ చిన్న ఆఫీసులకీ ఆంధ్రా భోజనం క్యారేజీలు పంపే స్టార్టప్ పెట్టారు అనుకుందాం. వంట వేరేవాళ్ళది, కార్లూ అద్దెవే. మొదటి ఉద్యోగిగా డెలివరీలన్నీ చూసుకునే మనిషి కావాలి. స్కిల్, యాటిట్యూడ్, ఓనర్‌షిప్ మూడూ ఉండాలంటారు. మూడూ సమానంగా దొరకవు. మరి దేనికెక్కువ మార్కులెయ్యాలి?

నా లెక్క ఇది. కువైట్ లేబర్ లా (2010 నాటి 6వ నంబరు చట్టం) ప్రకారం ప్రొబేషన్ 100 పనిదినాలు మించకూడదు. ఆ లోపల ఎవరైనా నోటీసు లేకుండా ఆపేయొచ్చు. అది దాటితే నెల జీతం మనిషికి మూడు నెలల నోటీసు. కాబట్టి ఈ 100 రోజుల్లో నేర్పగలిగినదానికి తక్కువ మార్కులు, నేర్పలేనిదానికి ఎక్కువ. రూట్లు, ఆర్డర్ల షీటు, కేనెట్ పేమెంట్ లింకులు నేర్పొచ్చు. చెడు కబురు తనంతట తానే ముందు చెప్పే అలవాటు నేర్పడం కష్టం. అదే మీరు డెవలపర్‌ని తీసుకుంటుంటే, ఇద్దరికీ కోడ్ రానప్పుడు, స్కిలే ముందుండాలి. తప్పు రాస్తే పట్టుకునేవాళ్ళుండరు కదా.

ఇప్పుడు ప్రశ్న. "ప్రెషర్‌లో ఎలా పనిచేస్తారు?" అని అడిగితే అందరూ బాగానే చెప్తారు. గ్యారీ లేథమ్, ఆయన సహచరులు 1980లో సిచ్యుయేషనల్ ఇంటర్వ్యూ అని ప్రతిపాదించిన పద్ధతిలో కిటుకు రెండు చోట్ల ఉంది: ప్రశ్నలో రెండు వైపులా లాగే చిక్కు ఉండాలి, ఏ జవాబుకి ఎన్ని మార్కులో ఇంటర్వ్యూకి ముందే రాసుకోవాలి. మన స్టార్టప్‌కి ఇలా రాయొచ్చు:

"జూలై, ఉదయం 11:45. మంగాఫ్‌లో ఒక ఆఫీసుకి 22 క్యారేజీలు తీసుకెళ్తున్న కారు ఫహాహీల్ రోడ్డు మీద ఆగిపోయింది, ఏసీ కూడా పోయింది. భోజనం 12:30కి చేరాలి. మేమిద్దరం ఫోన్ ఎత్తట్లేదు. అడక్కుండా 40 దీనార్ల దాకా ఖర్చు చేసే అధికారం మీకుంది. మొదటి అరగంటలో ఏమేం చేస్తారు, ఏ వరసలో?"

ఆ 40 దీనార్ల వాక్యం తీసేయకండి. అధికారం ఇవ్వకుండా ఓనర్‌షిప్ అడగడం అన్యాయం, జవాబు కూడా ఏమీ తేల్చదు.

జవాబు అయ్యాక మెలిక వెయ్యండి: "వేరే కారు దొరికేసరికి 1:15 అయింది. కస్టమర్, 'పర్లేదు, పంపండి' అన్నాడు. ఒక్కో భోజనం దీనారున్నర. ఇప్పుడు?" అంటే చేతిలో 33 దీనార్ల సరుకు. ఆ ఎండలో ఏసీ లేని కారులో గంటన్నర ఉన్న అన్నం, సాంబారు తినిపించకూడదు. 32 డిగ్రీలు దాటితే వండినది బయట గంటకి మించి ఉంచొద్దన్నది వాడుకలో ఉన్న సూత్రం. కస్టమర్ ఒప్పుకున్నా ఆపేవాడికి పని తెలుసు.

మార్కుల పట్టీలో కింది మెట్టు: మీరు ఫోన్ ఎత్తేదాకా ఆగుతాడు, లేదా "బైక్ మీద పంపిస్తా" అంటాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు డెలివరీ బైకులు తిరగకూడదు. మధ్య మెట్టు: వేరే కారు పంపిస్తాడు, కస్టమర్ అడిగాక చెప్తాడు. పై మెట్టు: డ్రైవర్ ఎండలోంచి నీడకి వెళ్ళాడా అని అడుగుతాడు, కస్టమర్‌కి తనే ముందు ఫోన్ చేస్తాడు, దగ్గర హోటల్ నుంచి భోజనం ఏర్పాటు చేసి ఎంత అయిందో మీకు మెసేజ్ పెడతాడు, సాయంత్రం రెండో కారు నంబరు రెడీగా ఉంచుకోవాలని రాసిపెడతాడు. డ్రైవర్ గురించి అడగడం యాటిట్యూడ్. సాయంత్రం రాసిన ముక్క ఓనర్‌షిప్. "ఇరవై నాలుగ్గంటలూ పని చేస్తానండీ" అన్నదానికి మాత్రం మార్కులెయ్యకండి, అది ఓనర్‌షిప్ కాదు.

మన ఊరివాడో, బావమరిదో వచ్చినా ఇదే ప్రశ్న, ఇదే పట్టీ. ఫౌండర్లిద్దరూ విడివిడిగా మార్కులేసుకుని తర్వాతే పోల్చుకోండి.

ఈ పద్ధతికి హద్దుంది: మాటకారి బాగా చెప్పి గట్టెక్కొచ్చు. అందుకే "నిజంగా ఇలాంటిది జరిగినప్పుడు ఏం చేశారు?" అని కూడా అడిగి, పాత చోట కనుక్కోండి. వేరే దేశాల్లో "వారం పని చేయించి చూడండి" అంటారు. ఇక్కడ వేరే కఫీల్ కింద అకామా ఉన్నవాడితో ఒక్కరోజు పని చేయించినా ఇద్దరికీ చిక్కే. ఆర్టికల్ 18 అకామా అయితే, అతని యజమాని ఒప్పుకుంటే, సాహెల్ యాప్‌లో పార్ట్‌టైమ్ పర్మిట్ తీసుకుని రోజుకి నాలుగు గంటలు మించకుండా చూడొచ్చు. ఆర్టికల్ 20, అంటే ఇంటిపని వీసా మీదున్నవాళ్ళని మాత్రం ట్రయల్‌కి కూడా పిలవకండి.