శ్రావణం వస్తే పసిడి ప్రియమవుతుందా?

ఆషాఢంలో కొంటే చవక, శ్రావణం వచ్చిందంటే ధరకు రెక్కలొస్తాయి. బంగారం కొట్టు మెట్లెక్కే ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినిపిస్తుంది. దీని వెనుక తర్కం లేకపోలేదు. ప్రపంచంలో బంగారం ఎక్కువగా కొనేది చైనా, భారత్. ఇక్కడ వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, పెళ్లిళ్లు వరసగా వస్తాయి. వర్తకులు ముందే సరుకు నింపుకుంటారు కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో ధర పెరగాలన్నది వాదన. పాత ధరలు దొరుకుతాయి గనుక దీన్ని లెక్కవేసి చూడవచ్చు.

ముందు తేల్చుకోవలసింది ఏ ధర తీసుకోవాలన్నది. కొట్టులో బోర్డు మీద రాసే రేటులో అంతర్జాతీయ ధరతో పాటు డాలరు మారకం, దిగుమతి సుంకం కూడా కలిసి ఉంటాయి. 2013 ఆగస్టులో కేంద్రం సుంకాన్ని 10 శాతానికి పెంచింది. అదే నెలాఖరున రూపాయి డాలరుకు 68 దాటి పడిపోయింది. ఆ నెలలో మన దగ్గర బంగారం భగ్గుమన్నది అందుకు. శ్రావణాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆషాఢం ఆఫర్ల సంగతీ ఇంతే. అక్కడ సాధారణంగా తగ్గేది తరుగు, మజూరీ. గ్రాము రేటు కాదు. అందుకే పరిశోధకులు లండన్ మార్కెట్ డాలరు ధరను తీసుకుంటారు. అదీ 1971 తరవాతదే. అంతకుముందు అమెరికా ఔన్సుకు 35 డాలర్లని అధికారిక ధర కట్టి ఉంచింది కాబట్టి ఆ ఏళ్లలో ఋతువుల జాడ వెతికి ప్రయోజనం లేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రతి నెలాఖరు ధరను ముందు నెలాఖరుతో పోల్చి ఎంత శాతం మారిందో రాసుకోవాలి. జనవరులన్నీ ఒకచోట, ఫిబ్రవరులన్నీ ఒకచోట చేర్చి సగటు కట్టాలి. చిక్కంతా ఆ తరవాతే. బంగారం నెలకు నాలుగైదు శాతం అటూ ఇటూ ఊగడం మామూలు. ముప్ఫై ఏళ్ల సెప్టెంబరుల సగటు తీసినా, అందులో ముప్పాతిక శాతం పైచిలుకు తేడా కేవలం కాకతాళీయంగా రావచ్చు. కాబట్టి ఒక నెల సగటు మిగతావాటికంటే ఒక శాతం ఎక్కువగా కనిపించినంత మాత్రాన అది ఋజువు కాదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నెలవారీ శాతాలన్నీ చీటీల మీద రాసి, కలగలిపి, పన్నెండు కుప్పలుగా పంచాలి. ఇలా కంప్యూటరు మీద వేలసార్లు చేసి, అసలు సెప్టెంబరు సగటంత పెద్దది ఎన్నిసార్లు దానంతటదే వస్తుందో చూడాలి. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మనం పరీక్షిస్తున్నది ఒక్క నెలను కాదు, పన్నెండు నెలలను. ఏ నెలకూ నిజంగా ప్రత్యేకత లేకపోయినా, వందకు ఐదుసార్లు పొరపడే పరీక్షను పన్నెండుసార్లు చేస్తే కనీసం ఒక నెల మెరిసిపోయే అవకాశం దాదాపు 46 శాతం!

ఒక్క ఏడాదే సగటును మోసుకెళ్లడమూ ఉంది. 1979 చివర ఔన్సు 500 డాలర్ల పైచిలుకు ఉన్న బంగారం, 1980 జనవరి 21న 850కి ఎగబాకి, నెలాఖరుకు 650 దగ్గర ఆగింది. ఒక్క నెలలో దాదాపు పాతిక శాతం. 1980తో లెక్క మొదలుపెడితే జనవరి గొప్పగా కనిపిస్తుంది. 1981తో మొదలుపెడితే ఆ మెరుపు తగ్గుతుంది. అందుకే సగటుతో పాటు మధ్యస్థ విలువనూ, ఎన్నేళ్లు పెరిగింది, ఎన్నేళ్లు తగ్గిందన్నదీ చూడాలి.

ఇప్పుడు సెప్టెంబరు సంగతి. డిర్క్ బౌర్ అనే ఆర్థిక పరిశోధకుడు 1980 నుంచి 2010 వరకు ధరలను నెలలవారీగా పరిశీలించి, గణాంకపరంగా నిలబడే పెరుగుదల సెప్టెంబరు, నవంబరులలోనే ఉందని 2013లో ప్రచురించారు. మన కొట్టులో మాటకు శాస్త్రం ముద్ర పడినట్టే అనిపించింది.

కానీ పరిశోధన చూసిన ఏళ్లు దాటాక ఏమైందన్నదే అసలు పరీక్ష. 2011 సెప్టెంబరులో బంగారం 1,800 డాలర్ల పైనుంచి 1,620కి జారింది. 2012లో బాగా పెరిగినా, తరవాతి మూడేళ్లూ సెప్టెంబరులో తగ్గింది. 2017 నుంచి 2023 వరకైతే వరసగా ఏడు సెప్టెంబరులూ నష్టంతోనే ముగిశాయి. నవంబరూ 2013, 2015, 2016, 2020లలో గట్టిగా దెబ్బతింది. తీరా ఇక సెప్టెంబరు అంటే తగ్గడమే అని కొందరు అనుకునేసరికి 2024, 2025 సెప్టెంబరులలో ధర దూసుకుపోయింది.

పండగలకు నెలతో లంకె పెట్టడంలోనూ ఇబ్బంది ఉంది. దీపావళి 2023లో నవంబరు 12న వస్తే, 2025లో అక్టోబరు 20న వచ్చింది. పండగ గిరాకీని నిజంగా కొలవాలంటే ఇంగ్లీషు నెలను వదిలి, పండగకు ముందు నాలుగు వారాలు, తరవాత నాలుగు వారాలు అని కిటికీ కట్టుకోవాలి. పైగా పండగ తేదీలు ప్రపంచ మార్కెట్‌కు ముందే తెలుసు. అందరికీ తెలిసిన గిరాకీ ఆ రోజుదాకా ఆగకుండా ముందే ధరలోకి ఎక్కిపోతుంది.

పెళ్లికో పండగకో బంగారం కొనేవారు నెల చూసి ఆగినందువల్ల మిగిలేదేమిటో చెప్పడం కష్టం. ఒకవేళ ఏ నెలలోనైనా ఒక శాతం కలిసివచ్చినా, మూడు శాతం జీఎస్టీ, దానికి మించిన తరుగు, మజూరీ దాన్ని మింగేస్తాయి. ఎక్కువ మొత్తం కొనాల్సి ఉంటే కొన్ని నెలలకు విడగొట్టి కొనండి. బేరం మాత్రం తరుగు దగ్గర ఆడండి.