నెలనెలా తనంతట తాను డబ్బు వసూలు చేసే యంత్రం

1926లో న్యూయార్క్‌లో హ్యారీ షెర్మన్ అనే ప్రకటనల రచయిత మరికొందరితో కలిసి ‘బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్’ పెట్టాడు. నెలకో కొత్త పుస్తకాన్ని ఎంపిక చేసి సభ్యులకు పోస్టులో పంపడం దాని పని. ఆ ఏప్రిల్‌లో మొదటి ఎంపికగా సిల్వియా టౌన్సెండ్ వార్నర్ నవల ‘లాలీ విలోస్’ వెళ్లింది. అప్పటికి సభ్యులు దాదాపు 4,750 మంది. తిరిగొచ్చే పుస్తకాలు ఎక్కువయ్యేసరికి క్లబ్బు పద్ధతి మార్చింది. వచ్చే నెల పుస్తకం ఏదో ముందే తెలియజేసేది, వద్దనుకున్నవాళ్లు ఒక ఫారం నింపి వెనక్కి పంపాల్సి వచ్చేది. జవాబు రాకపోతే పుస్తకమూ వచ్చేది, బిల్లూ వచ్చేది.

ఇవాళ సౌందర్య సాధనాల నుంచి పిల్లల పుస్తకాల దాకా నెలకో పెట్టె పంపే దుకాణాలన్నింటి వెనకా ఉన్న యంత్రం ఆ ఫారంతోనే పుట్టిందని నేననుకుంటాను. మాట్లాడకపోతే సరేనన్నట్టే, వద్దనాలంటే గడువులోగా చెప్పాలి. ఆ గడువు ఎంత ఉండాలన్నదే మొదటి నుంచీ తగువు. 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం తెచ్చి, సభ్యుడికి నిర్ణయించుకోవడానికి కనీసం 10 రోజులు ఇవ్వాలంది.

2010లో న్యూయార్క్‌లోనే బర్చ్‌బాక్స్ మొదలైంది. నెలకు 10 డాలర్లకు క్రీములు, సెంట్ల చిన్న నమూనాలు పెట్టెలో పంపేది. పుస్తకాల క్లబ్బు కాలంలో సరుకు ముందు వెళ్లి, బిల్లు తర్వాత వెళ్లేది. కట్టనివాడు బాకీదారు. కార్డు నంబరు దుకాణం దగ్గర భద్రంగా ఉండే కాలంలో డబ్బు ముందు, పెట్టె తర్వాత. కాబట్టి డబ్బు రాకపోతే బాకీ పుట్టదు, పెట్టె ఆగిపోతుంది. చందాదారుడికి మాత్రం తాను మానేయలేదన్న సంగతే తెలుసు. మానాలనుకోకుండానే మానేసినవాడవుతాడు. డబ్బు రాని చందాను తిరిగి నిలబెట్టే పనికి ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఇదే.

మన దేశంలో ఈ యంత్రానికి ఇంకో భాగం చేరింది. రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి కార్డు మీద నెలనెలా డబ్బు తీసుకోవాలంటే మొదట ఓటీపీతో ఈ-మ్యాండేట్ నమోదు కావాలి. ఆపైన ప్రతి వసూలుకూ కనీసం 24 గంటల ముందు ఖాతాదారుడికి సందేశం వెళ్లాలి. ఈసారి వద్దనే వీలు అందులోనే ఉండాలి. ఓటీపీ లేకుండా తీసుకోగల పరిమితి అప్పటికి 5,000 రూపాయలు, 2022లో దాన్ని 15,000కు పెంచారు.

హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాల పెట్టె పంపే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. చందా 699 రూపాయలు. ప్రతి నెలా 5న వసూలు, 9న ప్యాకింగ్. ‘ఈ నెల వద్దు’ అని నొక్కడానికి గడువు ఎప్పటిదాకా పెట్టాలి? 4 రాత్రి దాకా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కానీ 699 పోతుందన్న సందేశం 4 ఉదయానికే చేరి ఉంటుంది. ఆ తర్వాత స్కిప్ నొక్కినవాళ్లు డబ్బు పోతుందో లేదో తెలియక ఫోన్ చేస్తారు. 3 మధ్యాహ్నానికే గడువు ముగించి, వద్దన్నవాళ్ల పేర్లు తీసేశాకే సందేశాలు పంపాలి. ఈ వరస తప్పిన దుకాణంలో ఫిర్యాదులన్నీ 4, 5 తేదీల్లోనే గుమిగూడతాయి. వరస తప్పిందని పసిగట్టడానికి అదే గుర్తు.

స్కిప్, పాజ్ ఒకటి కావు. స్కిప్‌లో ఒక నెల బిల్లు మాత్రమే పుట్టదు, వచ్చే నెల తేదీ మారదు. పాజ్‌లో మళ్లీ మొదలయ్యే రోజే తెలియదు. అందుకే యంత్రం చందా మొదటి తేదీని విడిగా దాచుకోవాలి. జనవరి 31న చేరినవాడికి ఫిబ్రవరిలో 28న బిల్లు పడుతుంది. తర్వాతి తేదీని పోయిన బిల్లు నుంచి లెక్కిస్తే మార్చిలోనూ 28నే పడి, ఇక ఎప్పటికీ 28 దగ్గరే ఉండిపోతుంది. మొదటి తేదీ నుంచి లెక్కిస్తే మార్చి 31కి తిరిగొస్తుంది. యూపీఐ ఆటోపేలో మరో చిక్కుంది. చందాదారుడు దుకాణంతో పని లేకుండా తన ఫోన్ యాప్‌లోనే మ్యాండేట్‌ను పాజ్ చేయగలడు. ఆ కబురు అందుకోని దుకాణం దాన్ని డబ్బు చాలని కేసుగా లెక్కేసి, కావాలని ఆపుకున్న మనిషికి ‘మీ చెల్లింపు విఫలమైంది’ అంటూ సందేశాల మీద సందేశాలు పంపుతుంది.

ఇక మార్చి 5వ తేదీ. ఉదయం ఒక చందాదారుడి కార్డుకు బ్యాంకు నుంచి 51 అనే జవాబు వచ్చింది. ఖాతాలో చాలినంత లేదని దాని అర్థం. జీతం ఒకటిన పడి, ఈఎంఐలు 5లోపు పోయే ఇళ్లలో ఇది మామూలే. 51 వస్తే కొన్నాళ్లాగి మళ్లీ అడగొచ్చు. 54 వస్తే కార్డు గడువు తీరింది, కొత్త కార్డు వివరాలు ఇమ్మని మనిషినే అడగాలి. 43 అంటే దొంగిలించిన కార్డు, దాన్ని మళ్లీ ముట్టకూడదు. అన్నింటికంటే కష్టమైనది 05. బ్యాంకు కారణం చెప్పకుండా కాదన్నదన్నమాట. ఈ తేడా చూడకుండా అన్నింటినీ మళ్లీ మళ్లీ అడిగే దుకాణం మీద బ్యాంకులకు అనుమానం పెరిగి, మంచి కార్డులను కూడా తిరస్కరించడం మొదలవుతుంది. ఎన్నిసార్లు అడగొచ్చో కార్డు సంస్థలే హద్దు పెట్టాయి. వీసా హద్దు 30 రోజుల్లో 15 ప్రయత్నాలు.

మన దుకాణం రేజర్‌పే వాడుతోందనుకుంటే, కార్డు చందాకు 6, 7, 8 తేదీల్లో రోజుకోసారి మళ్లీ ప్రయత్నం జరుగుతుంది. అంతవరకూ చందా `pending`, మూడోదీ తప్పితే `halted`. ఈలోగా 5 ఉదయమే దుకాణం ఒక సందేశం పంపాలి. బ్యాంకు ఎందుకు కాదన్నదో, పెట్టె ఏ రోజుదాకా ఆగుతుందో అందులో చెప్పి, యూపీఐతో కట్టే లింకు జత చేయాలి. ‘మీ ఖాతా సస్పెండ్ అవుతుంది’ అని బెదిరించే సందేశాలంటే నాకు గిట్టదు. డబ్బు ఇబ్బందిలో ఉన్న మనిషితో మాట్లాడే తీరు అది కాదు.

మన చందాదారుడు 7 రాత్రి ఆ లింకుతో 699 కట్టేశాడు. 8 ఉదయానికి మూడో ప్రయత్నం ముందే వరసలో ఉంది. ఆ పూట ఖాతాలో డబ్బుంటే మరో 699 పోతుంది. అందుకే లింకునూ కార్డు ప్రయత్నాన్నీ మార్చి నెలకున్న ఒకే ఒక్క బిల్లుకు కట్టేయాలి. ఎటునుంచి డబ్బొచ్చినా బిల్లు మూసుకోవాలి, ప్రయత్నానికి ముందు అది తెరిచి ఉందో లేదో చూడాలి. వసూలు అడిగాక నెట్‌వర్క్ తెగి జవాబే రాకపోయినా ఇదే జాగ్రత్త. జవాబు రాకపోవడం విఫలమైనట్టు కాదు. ముందు స్థితి కనుక్కుని, ఆ తర్వాతే మళ్లీ అడగాలి.

కట్టని చందాదారుడి సంగతి వేరే. `halted` అయ్యాక కూడా నెలనెలా బిల్లులు పుడుతూనే ఉంటాయి, కార్డు మీద మాత్రం వసూలు జరగదు. అతను ఏప్రిల్ 20న కొత్త కార్డు పెట్టేనాటికి మార్చి, ఏప్రిల్ బిల్లులు రెండూ తెరిచే ఉంటాయి. ఆ పెట్టెలు అతనికి వెళ్లనే లేదు. రెండింటినీ రద్దు చేసి, తర్వాతి వసూలు మే 5నే అని అతనికి రాసి చెప్పి, ఆ తర్వాతే కార్డును అంగీకరించాలి.