ఫొటో నోట్సు అక్షరాల్లోకి

తరగతిలో రాసుకున్న నోట్సును ఫోనుతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంచుకోవడం డిగ్రీ కాలేజీల్లో మామూలే. ఆ ఫొటోలన్నీ కలిసి ఒక టెక్స్ట్ డాక్యుమెంటు అయితే కావలసిన మాట వెతుక్కోవచ్చు, తప్పు దిద్దుకోవచ్చు, నలుగురూ ఒకేచోట చదువుకోవచ్చు. ఈ పని మొదలుపెట్టే విద్యార్థి తోటివాడికి పంపే చీటీ సాధారణంగా ఇలా ఉంటుంది: “మామా, ఫిజిక్స్ నోట్సు ఫొటోలు మళ్లీ తీసి పంపరా. మామూలు ఫొటోలుగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు. పేజీ నంబర్లు వరసగా పెట్టు. మిగతాది నేను చూస్తా. అంకెలున్న చోట మాత్రం ఫొటో చూడకుండా ఏదీ దిద్దొద్దు.” నాలుగు ముక్కల చీటీయే అయినా అందులోని ప్రతి మాటకూ కారణం ఉంది.

మొదటిది ఫొటో. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చే పద్ధతిని ఓసీఆర్ అంటారు. అంగుళానికి 300 చుక్కలుంటే ఈ పని బాగా సాగుతుంది. ఏ4 కాగితానికి ఆ లెక్కన 2480 × 3508 చుక్కలు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోను ఫొటోలో దాదాపు 3000 × 4000 ఉంటాయి కాబట్టి కాగితం ఫ్రేమంతా నిండేలా తీస్తే చాలు. బల్ల, పెన్ను, టీ గ్లాసు కూడా ఫ్రేములోకి వస్తే కాగితానికి దక్కే చుక్కలు తగ్గిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడూ అంతే, అది సైజు తగ్గించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టే చేరుతుంది, ఫైలు పేరు కూడా మారదు.

వెలుతురు కిటికీ పక్కనుంచి పడితే మంచిది. ఫ్లాష్ వేస్తే బాల్‌పెన్ గీతలు మెరిసి అక్కడక్కడ అక్షరాలు తెల్లబడతాయి. ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి, పుస్తకం వెన్ను దగ్గర పేజీ వంగకుండా వేళ్లతో అదమాలి. ఆ వంపులో అక్షరాలు ఇరుక్కుపోయి, ప్రతి వరస చివరా రెండు మాటలు పోతాయి. పల్చటి కాగితమైతే వెనక పేజీ రాత ఇటు కనబడుతుంది. పేజీ కింద నల్లటి అట్ట పెడితే అది చాలావరకు మాయమవుతుంది. స్కానర్ యాప్‌లలో ఉండే నలుపు తెలుపు ఫిల్టరు చూపుకు శుభ్రంగా ఉంటుంది గానీ పెన్సిల్ గీతలనూ, ఒక్కోసారి దశాంశ బిందువులనూ తినేస్తుంది. గ్రేస్కేల్ పెట్టడం మేలు.

ఫైలు పేర్లు `PHY_U2_p01.jpg`, `PHY_U2_p02.jpg` అన్నట్టు ఉండాలి. `p1`, `p2` అని పెడితే చాలాచోట్ల `p10` వచ్చి `p2` కంటే ముందు కూర్చుంటుంది, పాఠం తలకిందులవుతుంది.

ఇక మార్చడం. అందరికీ అందుబాటులో ఉన్న దారి గూగుల్ డ్రైవ్. కంప్యూటర్ బ్రౌజర్‌లో ఫొటోను డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మీద రైట్ క్లిక్ చేసి, `Open with`లో `Google Docs` ఎంచుకుంటే కొత్త డాక్యుమెంటు తెరుచుకుంటుంది. పైన ఫొటో, దాని కింద గుర్తుపట్టిన టెక్స్ట్ ఉంటాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలనీ, పేజీ నిటారుగా ఉండాలనీ, అక్షరాల ఎత్తు కనీసం 10 పిక్సెళ్లు ఉండాలనీ గూగుల్ చెబుతుంది. ఫోను ఫొటో తరచు 2 ఎంబీ దాటుతుంది. అంచులు కత్తిరించి గ్రేస్కేల్‌లో దాచుకుంటే దాదాపు సరిపోతుంది. ఒకటి రెండు పేరాలే కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు, ఫోనులో గూగుల్ లెన్స్‌తో అక్షరాలు కాపీ చేసుకుని డాక్యుమెంటులో అతికించుకోవచ్చు.

అధ్యాపకులు ఇచ్చిన అచ్చు కాగితాలైతే టెస్సరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాము కూడా పనికొస్తుంది. తెలుగు, ఇంగ్లీషు కలిసి ఉన్న పేజీకి ఆదేశం ఇలా ఉంటుంది:

```
tesseract PHY_U2_p01.jpg p01 -l tel+eng
```

దీంతో `p01.txt` అనే ఫైలు తయారవుతుంది. అయితే టెస్సరాక్ట్ అచ్చు అక్షరాల కోసం తయారైంది. చేతిరాత ఇస్తే గజిబిజి తప్ప మరేమీ రాదు.

డ్రైవ్ అయినా లెన్స్ అయినా చేతిరాతను కొంత మేరకే చదవగలవు. అందుకే యూనిట్ మొత్తాన్ని ఎక్కించే ముందు ఒక్క పేజీతో పరీక్షించి చూడాలి. పది వరసల్లో తప్పులు లెక్కపెడితే సంగతి తేలిపోతుంది. వరసకు ఒకటీ అరా అయితే దిద్దుకోవచ్చు. మూడు నాలుగు దాటితే దిద్దడం కంటే మళ్లీ టైపు చేయడమే త్వరగా అవుతుంది. నోట్సు చదువుతూ గూగుల్ డాక్స్‌లోని `Voice typing`కు తెలుగులో చెప్పడం అంతకంటే తేలిక. ఇక్కడ మొహమాటపడి, వచ్చిన చెత్తనంతా డాక్యుమెంటులో పోసేస్తే దాన్ని తర్వాత ఎవరూ ముట్టుకోరు.

అసలు కష్టం తప్పుల సంఖ్యలో లేదు. తప్పని తెలిసిపోయే తప్పులు సులువుగా దొరుకుతాయి. చూడగానే ఒప్పులా కనబడేవే ప్రమాదం. దానికి కాంతి విద్యుత్ ఫలితం మీద రాసుకున్న ఒక పేజీ చాలు. నోట్సులో hν = φ + Kmax అని ఉంది. కింద సోడియం పని ప్రమేయం 2.3 eV, పడిన కాంతి తరంగదైర్ఘ్యం 400 nm అని లెక్క ఉంది. ఆ కాంతి ఫోటాన్ శక్తి 1240 ÷ 400, అంటే 3.1 eV. అందులోంచి 2.3 తీసేస్తే ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిశక్తి 0.8 eV. ఈ పేజీని మార్చాక వచ్చిన టెక్స్ట్ ఇలా ఉండవచ్చు:

```
hv = 0 + Kmax
Na = 23 eV
Kmax = 3.1 - 23 = 0.8 eV
```

మూడో వరసలో లోపం లెక్క చేయగానే బయటపడుతుంది. 3.1 నుంచి 23 తీస్తే 0.8 రాదు కాబట్టి ఎక్కడో దశాంశ బిందువు జారిందని తెలుస్తుంది. రెండో వరస విడిగా ఉంటే అంత త్వరగా అనుమానం రాదు. మొదటి వరస అన్నిటికంటే మోసం. φ అనే అక్షరం సున్నా అయిపోయింది. సమీకరణం చక్కగానే కనబడుతుంది గానీ, దాని అర్థం లోహం నుంచి ఎలక్ట్రాన్ బయటపడడానికి శక్తే అక్కర్లేదని. పైగా పౌనఃపున్యాన్ని సూచించే ν అక్షరం వేగానికి వాడే v అయిపోయింది. ప్లాంక్ స్థిరాంకం 6.626 × 10⁻³⁴ అని ఉన్నచోట 10-34 అని వస్తే, పైకెక్కాల్సిన ఘాతం కిందికి దిగిందని గుర్తించాలి. గూగుల్ డాక్స్‌లో ఆ అంకెలను ఎంచుకుని `Ctrl + .` నొక్కితే ఘాతం పైకి వెళుతుంది.

అందుకే చీటీలో అంకెల మాట విడిగా చెప్పాల్సి వచ్చింది. లెక్క తెలిసినవాడు తనకు తెలిసినట్టు దిద్దేస్తాడు, నోట్సులో ఉన్నది వేరే లోహం కావచ్చు. సమీకరణాలు నాలుగైదే ఉంటే వాటిని ఫొటోలోంచి కత్తిరించి బొమ్మలుగా పెట్టడమే క్షేమం. ఎక్కువుంటే `Insert`లోని `Equation`తో కొత్తగా రాసుకోవాలి. పటాలూ, గ్రాఫులూ ఎలాగూ బొమ్మలుగానే ఉండాలి, వాటి మీది పేర్లను మాత్రం కింద టైపు చేస్తే వెతికినప్పుడు దొరుకుతాయి.

తెలుగు వాక్యాల తప్పులు మరో రకం. “తీవ్రత పెరిగినా గతిశక్తి పెరగదు” అన్న వాక్యంలో దీర్ఘం పోయి “తీవ్రత పెరిగిన గతిశక్తి పెరగదు” అని వస్తే చదివేవాడికి అర్థం తడబడుతుంది. ఒత్తులు కింది గీత మీద పడితే యంత్రం వాటిని వదిలేస్తుంది, గీతల నోటు పుస్తకాల్లో ఇది నిత్యం జరిగేదే. ఇంకొన్ని తప్పులు కంటికి అసలు ఆనవు. పౌనఃపున్యంలోని విసర్గ స్థానంలో కోలన్ గుర్తు చేరి “పౌన:పున్యం” అవుతుంది. సున్నా స్థానంలో తెలుగు అంకె ‘౦’ గానీ ఇంగ్లీషు ‘o’ గానీ చేరుతుంది. చదవడానికి ఏ తేడా ఉండదు. `Ctrl + F`తో వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. డాక్యుమెంటు చేసిందే వెతుక్కోవడానికి కాబట్టి, పాఠంలో ఎక్కువగా వచ్చే పది పన్నెండు మాటలను టైపు చేసి వెతకాలి. కళ్లెదుట ఉన్న మాట వెతుకులాటలో రాలేదంటే అందులో ఏదో అక్షరం దొంగదని అర్థం. అప్పుడు `Find and replace`తో అన్నిచోట్లా ఒకేసారి మార్చేయవచ్చు.

దిద్దుబాటుకు ఒక మంచి నమూనా తెలుగు వికీసోర్స్‌లో ఉంది. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఎక్కించే ఆ చోట పేజీ బొమ్మ ఒకవైపు, టెక్స్ట్ మరోవైపు పక్కపక్కనే ఉంటాయి. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దినదానికి పసుపు, మరొకరు సరిచూసినదానికి ఆకుపచ్చ రంగులు ఇస్తారు. దిద్దినవారే ఆకుపచ్చ పెట్టుకోవడానికి వీల్లేదు. తన తప్పు తన కంటికి కనబడదన్న మామూలు సంగతిని అక్కడ నియమం చేసి పెట్టారు. ఇద్దరు విద్యార్థులకు ఇది చక్కగా కుదురుతుంది. ప్రతి పేజీ టెక్స్ట్ పైనా ఫొటోను ఉంచి, పేజీ శీర్షిక రంగు మార్చుకుంటూ పోతే ఎంత పని అయ్యిందో డాక్యుమెంటు తెరవగానే తెలుస్తుంది. రెండోసారి సరిచూసేటప్పుడు ఫోనులో ఒకరు ఫొటో చూసి పైకి చదివితే, మరొకరు టెక్స్ట్ చూడాలి. 2.3ను “రెండు పాయింటు మూడు” అనీ, 10⁻³⁴ను “పది పవర్ మైనస్ ముప్పైనాలుగు” అనీ ప్రతి గుర్తూ పలకాలి. రాత అర్థంకాని చోట ఊహించి నింపకుండా `[?]` పెట్టి, నోట్సు రాసినవాణ్ణి అడగాలి. ఆఖర్న ఆ గుర్తు కోసం వెతికితే మిగిలిపోయిన అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా దొరుకుతాయి.

లింకు క్లాసు గ్రూపులో పెట్టేటప్పుడు హక్కులు చూసుకోవాలి. దిద్దే ఇద్దరికీ `Editor`, మిగతావారికి `Commenter` ఇస్తే సరిపోతుంది. అందరికీ `Editor` ఇస్తే ఎవరో ఒకరు ఫోనులో స్క్రోల్ చేస్తూ అరపేజీ చెరిపేస్తారు. అలా జరిగినా `Version history`లోంచి పాత రూపం తెచ్చుకోవచ్చు. అందుకే దిద్దుబాటు పూర్తయిన రోజున ఆ రూపానికి “యూనిట్ 2, సరిచూసింది” అని పేరు పెట్టుకోవాలి. నోట్సు పేజీ మూలన రాసుకున్న ఫోన్ నంబర్లూ, మార్కులూ ఫొటోతోపాటు లింకులోకి వెళ్లకుండా ముందే కత్తిరించాలి. డేటా లేనివారి కోసం `Download`లో పీడీఎఫ్ చేసి ఇస్తే, దాని మొదటి పేజీలో తేదీ వేయాలి. ఆ తర్వాత దొరికిన తప్పులు డాక్యుమెంటులో మారతాయే గానీ, అప్పటికే పంచిన పీడీఎఫ్‌లో మారవు.