మద్యపానం – గుండె కండరం

మద్యం కాలేయాన్ని పాడుచేస్తుందన్న సంగతి అందరూ ఎరిగినదే. అది గుండె కండరాన్ని కూడా క్షీణింపజేస్తుందన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. 1884లో ఒట్టో బోలింగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, మ్యూనిక్ నగరంలో బీరు అత్యధికంగా సేవించేవారి గుండెలు అసాధారణంగా పెరిగి ఉండటాన్ని వివరించాడు. దానికి ‘మ్యూనిక్ బీరు గుండె’ అనే పేరు స్థిరపడింది. నేటి వైద్యులు ఈ వ్యాధిని ఆల్కహాలిక్ కార్డియోమయోపతి అంటారు.

గుండె పెరగడమంటే బలపడటం కాదు. ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు అతని గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని శరీరానికి పంపుతుంది. ఈ పని ప్రధానంగా ఎడమ జఠరికది. అది సంకోచించిన ప్రతిసారీ తనలో నిండిన రక్తంలో 55 నుండి 70 శాతం వరకు బయటికి నెడుతుంది. మద్యంలోని ఇథనాల్, అది శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే అసిటాల్డిహైడ్ కండర కణాలకు విషతుల్యమైనవి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు, సంకోచానికి తోడ్పడే ప్రొటీన్లు క్రమంగా దెబ్బతింటాయి. కొన్ని కణాలు నశించి, వాటి స్థానంలో సంకోచించే శక్తి లేని నారవంటి కణజాలం ఏర్పడుతుంది. బలహీనపడిన గోడలు సాగిపోయి జఠరిక పెద్దదవుతుంది. అనేకసార్లు ఊదిన బుడగ వలె వదులైన ఆ గది, నిండిన రక్తాన్ని తగినంతగా నెట్టలేదు.

సాధారణంగా రోజుకు 80 గ్రాములకు మించి ఆల్కహాల్‌ను ఐదేళ్లకు పైగా సేవించేవారిలో ఈ వ్యాధి కనిపిస్తుంది. మన దేశంలో అమ్మే 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరు సీసాలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అయితే అంత తాగిన వారందరికీ ఈ వ్యాధి రాదు. జన్యు లక్షణాల కారణంగా కొందరిలో ముప్పు ఎక్కువ. అందువల్ల 80 గ్రాములను క్షేమకరమైన హద్దుగా భావించరాదు.

పదిహేనేళ్లుగా రోజూ క్వార్టరున్నర విస్కీ తాగుతున్న నలభై అయిదేళ్ల లారీ డ్రైవరును ఉదాహరణగా తీసుకోవచ్చు. మొదటి పదేళ్లకు పైగా అతనికి ఏ బాధా తెలియదు. గుండె మెల్లగా సాగుతున్నా, వేగంగా కొట్టుకొని లోటును పూడ్చుకుంటుంది. తరువాత లారీకి సరుకు ఎక్కించేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఆయాసం మొదలవుతుంది. ఎడమ జఠరిక ముందుకు నెట్టలేని రక్తం వెనుక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. అక్కడి సన్నని రక్తనాళాల్లో పీడనం పెరిగి, నీరు గాలి తిత్తుల చుట్టూ ఊరుతుంది. దీనిని అతడు పొగ తాగడం వల్ల కలిగిన నెమ్ముగా భావించి ఉపేక్షిస్తాడు.

కొన్నాళ్లకు సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచి, చెప్పులు బిగుతవుతాయి. గుండె కుడిభాగం కూడా అలసిపోవడంతో సిరల్లో రక్తం నిలుస్తుంది. పైగా తమకు చేరే రక్తం తగ్గడంతో మూత్రపిండాలు, శరీరంలో నీరు తక్కువైందన్నట్లుగా ఉప్పును, నీటిని బయటికి పోనివ్వకుండా నిలుపుతాయి. ఆ నీరు భూమ్యాకర్షణ వల్ల కాళ్లలోకి దిగుతుంది. వాచినచోట బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కితే గుంట పడి, వెంటనే పూడదు. రాత్రి పడుకున్నప్పుడు కాళ్లలోని నీటిలో కొంత తిరిగి రక్తంలోకి చేరి, ఊపిరితిత్తులపై భారం పెంచుతుంది. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తుంది. రెండు మూడు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు. కాళ్ల వాపు, ఆయాసం వేర్వేరు జబ్బులుగా కనిపించినా రెండింటికీ మూలం ఒక్కటే.

కాలేయం, మూత్రపిండాలు చెడినా కాళ్లు వాస్తాయి. కనుక లక్షణాలను బట్టి మాత్రమే నిర్ధారించడం సాధ్యం కాదు. ఎకోకార్డియోగ్రామ్ పరీక్షలో జఠరిక పరిమాణం, అది నెట్టే రక్తం శాతం తెలుస్తాయి. ఆ డ్రైవరుకు పరీక్ష చేస్తే అది 30 శాతమే ఉండవచ్చు. గుండె రక్తనాళాలు మూసుకుపోవడం వంటి ఇతర కారణాలు లేవని తేలిన తరువాతే మద్యాన్ని కారణంగా నిర్ణయిస్తారు.

మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు నీటిని తగ్గిస్తాయి. మరికొన్ని మందులు గుండెపై భారాన్ని తగ్గిస్తాయి. ఆహారంలో ఉప్పు తగ్గించాలి. కానీ మద్యం మానకుండా వీటితో సాధించేది స్వల్పమే. పూర్తిగా మానినవారిలో చాలామందికి కొన్ని నెలల్లోనే గుండె పనితీరు మెరుగుపడుతుంది. కొందరిలో అది దాదాపు మామూలు స్థితికి చేరుతుంది. అయితే ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమణం కలిగే ప్రమాదముంది కనుక వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. నశించిన కణాలు మాత్రం తిరిగి రావు. కండరం నారగా మారిన మేరకు నష్టం శాశ్వతం. అందుచేత మెట్ల మీద తొలిసారి ఆయాసం వచ్చినప్పుడే మానిన వానికి, మూడు దిండ్ల మీద నిద్రించే దశలో మానిన వానికి దక్కే గుండె ఒక్కటి కాదు.