రెండు గీతలు కనిపించిన రోజున మారాల్సిన మాత్ర

బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 వేసుకునే 32 ఏళ్ల మహిళను తీసుకుందాం. నెల తప్పింది, పరీక్షలో రెండు గీతలొచ్చాయి. ఆమె మాత్రల పెట్టెలో ముందుగా మారాల్సింది ఆ టెల్మిసార్టానే.

కారణం ఉమ్మనీరు. నాలుగైదు నెలల నుంచి అందులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ మూత్రపిండాలు పనిచేయడానికి కావలసిన యాంజియోటెన్సిన్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. మూత్రం తగ్గితే ఉమ్మనీరు తగ్గుతుంది, ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్‌లదీ ఇదే దారి. తెలియక తొలి వారాల్లో వేసుకున్నా కంగారు అక్కర్లేదు. అసలు ముప్పు తర్వాతి నెలల్లో. వెంటనే డాక్టరును కలిసి మందు మార్చుకుని, స్కానింగ్‌లో బిడ్డను చూపించుకోవాలి.

బదులుగా సాధారణంగా లాబెటలాల్ రాస్తారు, తరచూ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి. ఆస్తమా ఉంటే అది పనికిరాదు. అప్పుడు నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్. తలనొప్పి, పాదాల వాపు రావచ్చు, మాత్రను నలిపి మింగకూడదు. పాతకాలపు మిథైల్‌డోపా బిడ్డకు భద్రమే కానీ తల్లికి మగత, దిగులు తెస్తుంది. అటెనలాల్ వాడితే బిడ్డ బరువు తగ్గే అవకాశముంది, కాబట్టి దాన్ని పక్కన పెడతారు.

గర్భిణి కదా అని మందులే మానేసేవారూ ఉన్నారు. అది తప్పని 2022లో అమెరికాలో 2,408 మందిపై వెలువడిన ‘చాప్’ అధ్యయనం చూపింది: బీపీని 140/90 లోపు ఉంచినవారిలో తీవ్రమైన గుర్రపు వాతం, నెలలు నిండకముందే కాన్పు వంటి చిక్కులు తగ్గాయి, బిడ్డల బరువు మాత్రం తగ్గలేదు.