మాటల్లో లేని అర్థం

“కారు మాట దేవుడెరుగు, సైకిల్ కూడా లేదు.” దేవుడి పేరున్నా ఈ వాక్యంలో భక్తి లేదు. కారు లేదని విడిగా చెప్పిందీ లేదు. అయినా కారు లేదని విన్నవాళ్లకు తెలిసిపోతుంది. ఇందులోని పదాలన్నీ నిఘంటువులో వెతికినా ఆ అర్థం దొరకదు.

అది “ఫలానాదాని మాట దేవుడెరుగు, ఫలానాది కూడా లేదు” అనే అచ్చులోనే ఉంది. ఒక రూపం, దానికి అంటిపెట్టుకున్న ఒక అర్థం: ఈ జంటలే భాషకు పునాది అంటుంది నిర్మాణ వ్యాకరణం. పదాలు నిఘంటువులో, వాటిని కూర్చే సూత్రాలు వ్యాకరణంలో, ఎటూ ఇమడని జాతీయాలు ఓ మూలన ఉంటాయనే పాత విభజనను ఇది ఒప్పుకోదు.

1988లో చార్లెస్ ఫిల్‌మోర్, పాల్ కే, మేరీ కేథరిన్ ఓకానర్ ‘లాంగ్వేజ్’ పత్రికలో ఒక సుదీర్ఘ వ్యాసం రాశారు. ఫిల్‌మోర్, కే అప్పట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ఆచార్యులు. అంత వ్యాసానికీ ప్రధాన వస్తువు ‘లెట్ ఎలోన్’ అనే చిన్న ఇంగ్లీషు పదబంధం. మన ‘మాట దేవుడెరుగు’ చేసే పని దాదాపు అదే. ఈ పదబంధం ఒక మెట్ల వరుసను అడుగుతుందని వాళ్లు చూపించారు.

తెలుగులోనూ అంతే. కారు పైమెట్టు, సైకిల్ కిందిమెట్టు. కిందిదే అందనప్పుడు పైది అడగనక్కర్లేదు. తారుమారు చేసి “సైకిల్ మాట దేవుడెరుగు, కారు కూడా లేదు” అంటే వినేవాళ్లు తికమకపడతారు. వ్యాకరణ దోషం లేదు, మెట్లే తలకిందులయ్యాయి. “లాభం మాట దేవుడెరుగు, అసలు వస్తే చాలు” అన్నప్పుడు ‘లేదు’ అన్న మాటే రాదు. లాభం మీద ఆశ వదులుకున్నారని మాత్రం అర్థమవుతుంది. అందుకే దీన్ని బట్టీపట్టిన జాతీయం అనలేం. ఖాళీల్లో కొత్త మాటలు పడుతూనే ఉంటాయి, షరతు మాత్రం మారదు.

ఒక్క మాట కూడా స్థిరంగా లేని అచ్చులూ ఉన్నాయి. పులి గిలి, డబ్బు గిబ్బు, కాఫీ గీఫీ. మొదటి అక్షరం హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ వస్తుంది. ‘గిలి’కి ఇక్కడ సొంత అర్థం లేదు, జంటగా మాత్రం “పులి, అలాంటివి” అని పలుకుతుంది. “పులీ లేదు గిలీ లేదు” అంటే ఆ భయాన్నే కొట్టిపారేసినట్టు. నిన్నగాక మొన్న వచ్చిన ‘ఫోన్’ను కూడా ఎవరూ నేర్పకుండానే “ఫోన్ గీన్” అనేస్తాం. కానీ ‘గిన్నె’ దగ్గర ఈ అచ్చు పనిచేయదు. మొదలే ‘గి’ కాబట్టి రెండో మాట మారదు, “గిన్నె గిన్నె” అంటే ఒక్కో గిన్నె అనే వేరే అర్థం వైపు పోతుంది.